గేటు ఎత్తే హార్మోను: వరి నారు, బార్లీ గింజ, జిబ్బరెల్లిన్

(విజయవాడలో ఒక ఆదివారం సాయంత్రం సైన్సు టీచర్లు, డిగ్రీ విద్యార్థులు, కొందరు రైతుల ముందు ఒక రిటైర్డ్ వృక్షశాస్త్ర అధ్యాపకులు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో రైతులు కూర్చున్నారు, సంతోషం. ఈ రోజు విషయం మీ చేలోంచే మొదలుపెడతాను.

నవంబరు, డిసెంబరు నెలల్లో తుపాను వస్తే మన డెల్టాలో ఏమవుతుంది? కోతకొచ్చిన చేను పడిపోతుంది. కంకులు నీళ్ళలో నానుతాయి. నాలుగైదు రోజులు ముసురు పట్టిందంటే కంకిలోనే మొలకలు వస్తాయి. ఇందులో రెండు సంగతులు ఉన్నాయి. మొక్క పొడుగ్గా ఉండి పడిపోవడం ఒకటి. గింజ మొలకెత్తి లోపలి పిండి కరిగిపోవడం రెండోది. ఈ రెండింటికీ సంబంధం ఉందని ఎవరైనా అనుకుంటారా? ఒకటి కాండం సంగతి, ఇంకొకటి గింజ సంగతి. కానీ రెండు చోట్లా పనిచేసేది ఒకే హార్మోను. దాని పేరు జిబ్బరెల్లిన్. రెండు చోట్లా అది చేసే పని కూడా ఒకటే. ఆ ఒక్క పని ఏమిటో మీరు ఇంటికి వెళ్ళేలోపు మీకు చూపించాలని వచ్చాను.

ఇక్కడ బల్ల మీద మూడు గాజు పళ్ళేలు ఉన్నాయి, చూశారు కదా. వాటి సంగతి చివర్లో. ఎవరూ మూత తియ్యొద్దు.

మొదట వరి నారు. జపాన్‌లో రైతులకు ఎప్పటినుంచో తెలిసిన ఒక తెగులు ఉంది. బకానే అంటారు, తెలివితక్కువ నారు అని దాని అర్థం. నారుమడిలో కొన్ని మొక్కలు పక్క మొక్కల కంటే అమాంతంగా పొడుగు పెరుగుతాయి. చూడగానే ఇదే బలమైన నారు అనిపిస్తుంది. దగ్గరికెళ్ళి చూస్తే సన్నగా, పాలిపోయి ఉంటుంది. చాలా మొక్కలు చచ్చిపోతాయి. బతికినవాటికి కంకి వచ్చినా తాలే. ఇది శిలీంధ్రం వల్ల వస్తుందని 1898లో షోతారో హోరి చూపించాడు. అది ఫ్యుసేరియం జాతి శిలీంధ్రం. దాని ఇంకో రూపానికి జిబ్బరెల్లా అని పేరు. హార్మోనుకు ఆ పేరు అలా వచ్చింది.

1926లో ఎయిచి కురొసావా అనే శాస్త్రవేత్త తైవాన్‌లో ఒక చక్కటి ప్రయోగం చేశాడు. శిలీంధ్రాన్ని ద్రవంలో పెంచాడు. తర్వాత శిలీంధ్రాన్ని వడకట్టి తీసేశాడు. ఆ ఉత్త ద్రవాన్ని ఆరోగ్యంగా ఉన్న వరి నారుకి ఇచ్చాడు. నారు పొడుగు పెరిగింది! ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. శిలీంధ్రం లేదు, తెగులు లేదు, పొడుగు మాత్రం వచ్చింది. అంటే శిలీంధ్రం ఏదో పదార్థాన్ని ద్రవంలోకి వదిలింది. 1935లో తెయిజిరో యబుతా దానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. 1938లో ఆయన, సుమికి అనే ఇంకో శాస్త్రవేత్త కలిసి దాన్ని స్ఫటికాలుగా తీశారు.

మరి శిలీంధ్రం చేసే పదార్థానికి వరి మొక్క ఎందుకు అంత విధేయంగా లొంగింది? ఎందుకంటే అది మొక్క సొంత భాష. 1958లో చిక్కుడు జాతి మొక్క గింజల్లోంచి మెక్‌మిలన్, సూటర్ జిబ్బరెల్లిన్‌ను వేరుచేశారు. మొక్కలు తమంతట తామే దాన్ని కొద్దికొద్దిగా చేసుకుంటాయి. ఆ శిలీంధ్రం దాన్నే విచ్చలవిడిగా చేసి మొక్క మీద కుమ్మరిస్తుంది. ఇప్పటికి 130 పైచిలుకు రకాలు దొరికాయి. అందులో నిజంగా పనిచేసేవి చాలా కొద్ది. మిగతావి తయారీలో మధ్య మెట్లో, పనైపోయాక మిగిలినవో.

ఇప్పుడు అసలు ప్రశ్న. పొడుగు ఎలా వస్తుంది? నారు దశలో వరికి కణుపుల మధ్య కాండం సాగదు. అది కంకి అంకురించే దశ వచ్చాకే. నారులో మనకు పొడుగుగా కనిపించేది ఆకు తొడుగు. లేత తొడుగులో కణాలు విభజన చెందుతూ, తర్వాత నిలువుగా సాగుతాయి. జిబ్బరెల్లిన్ ఎక్కువైతే కణాలు ఎక్కువ సాగుతాయి. కానీ ఒకటి గమనించండి. కణం సాగినంత మాత్రాన దాంట్లో సరుకు పెరగదు. ఉన్న పచ్చదనమే ఎక్కువ పొడుగు మీద పరుచుకుంటుంది. అందుకే పాలిపోతుంది. ఉన్న గట్టిదనమే ఎక్కువ పొడుగుకి సర్దుకోవాలి. అందుకే సన్నబడి వంగిపోతుంది. పొడుగు వేరు, ఎదుగుదల వేరు. బకానే సోకిన మొక్కలో మీకు కనిపించే ప్రతి లక్షణం ఈ ఒక్క మాటలో ఉంది.

ఈ సాగడం ఎంత నమ్మకంగా జరుగుతుందంటే, శాస్త్రవేత్తలు వరి నారునే కొలబద్దగా వాడారు. తాన్‌గిన్‌బోజు అని ఒక పొట్టి వరి ఉంది. అది సొంతంగా జిబ్బరెల్లిన్ సరిగా చేసుకోలేదు. దాని మొలక మీద, ఆకు మొదలు దగ్గర, ఒక మైక్రోలీటరు చుక్క పెడతారు. అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతు. మూడు రోజులాగి రెండో ఆకు తొడుగు ఎంత పొడుగయిందో స్కేలుతో కొలుస్తారు. ఆ పొడుగును బట్టి చుక్కలో హార్మోను ఎంత ఉందో చెబుతారు. రెండో ఆకే ఎందుకు? చుక్క పెట్టిన సమయానికి మొదటిది సాగడం అయిపోవస్తుంది, రెండోది ఇంకా లేతగా ఉంటుంది.

సరే, హార్మోను కణాన్ని నెడుతుందా? అందరూ అలాగే అనుకుంటారు, నేనూ చాలా ఏళ్ళు క్లాసులో అలాగే చెప్పాను. కాదండీ. ప్రకాశం బ్యారేజీ గుర్తు చేసుకోండి. నీళ్ళు ఇవతల నిండుగా ఉన్నాయి. గేటు దించి ఉంది. గేటు ఎత్తేవాడు నీళ్ళు తేలేదు, నీళ్ళను నెట్టలేదు. గేటు ఎత్తాడు, అంతే. కణంలో సాగడానికి కావలసిన సరంజామా అంతా సిద్ధంగా ఉంటుంది. దాన్ని ఆపుతూ ఒక ప్రోటీన్ కూర్చుని ఉంటుంది. వీటిని డెల్లా ప్రోటీన్లు అంటారు. వరిలో ఉన్నదాని పేరు ఎస్ఎల్ఆర్1. అదే గేటు.

ఈ గేటును ఎత్తే విధానం చిత్రంగా ఉంటుంది. కణంలో జిడ్1 అనే ఇంకో ప్రోటీన్ ఉంది. దానికి గుంట లాంటి చోటు ఉంటుంది. జిబ్బరెల్లిన్ అణువు వచ్చి ఆ గుంటలో కూర్చోగానే, జిడ్1 రూపం మారి పైన మూతలాగా మూసుకుంటుంది. అప్పుడు అది వెళ్ళి డెల్లాను పట్టుకుంటుంది. అలా పట్టుబడిన డెల్లాకు కణం ఒక గుర్తు తగిలిస్తుంది. గుర్తు తగిలినదాన్ని కణంలోని ప్రోటియోసోమ్ ముక్కలు చేసేస్తుంది. గేటు పోయింది, సాగడం మొదలయింది. జిడ్1ను మొట్టమొదట కనిపెట్టింది వరిలోనే, 2005లో, జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు.

ఇది ఊహ కాదని ఎలా తెలుసు? రెండు వరి మొక్కలు సాక్ష్యం చెబుతాయి. ఒకదాంట్లో ఎస్ఎల్ఆర్1 చెడిపోయింది. ఆ మొక్క హార్మోను ఇవ్వకపోయినా పొడుగే. హార్మోను తయారీని మందుతో ఆపేసినా పొడుగే. గేటే లేనప్పుడు ఎత్తేవాడితో పనేముంది? రెండోదాంట్లో జిడ్1 చెడిపోయింది. ఆ మొక్కలో హార్మోను పుష్కలంగా ఉంటుంది, అయినా మరుగుజ్జుగానే ఉండిపోతుంది. ఎంత పోసినా కదలదు. ఈ రెండు మొక్కలూ పక్కపక్కన చూస్తే ఇక వేరే రుజువు అక్కర్లేదు.

ఇక్కడ రైతులకు బాగా తెలిసిన సంగతి చెప్పాలి. పాత పొడుగు వరికి ఎరువు ఎక్కువ వేస్తే పడిపోయేది. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్8 ఇచ్చింది. పేట అనే పొడుగు రకాన్ని, డీ జియో వూ జెన్ అనే పొట్టి రకంతో కలిపి చేశారు. మరుసటి సంవత్సరమే మన పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని పండించారు, పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆ పొట్టితనం ఎక్కడిది? 2002లో తేలింది. జిబ్బరెల్లిన్ తయారీలో చివరి మెట్లలో ఒకదాన్ని నడిపే ఎంజైము ఉంది. డీ జియో వూ జెన్‌లో ఆ ఎంజైము జన్యువులోంచి 383 అక్షరాల ముక్క ఊడిపోయింది. కాండానికి హార్మోను తక్కువ అందుతుంది, కాండం పొట్టిగా ఉంటుంది. మన బాపట్ల బీపీటీ 5204 వంశంలో కూడా తైచుంగ్ నేటివ్ 1 ఉంది, దానికి పొట్టితనం ఇదే డీ జియో వూ జెన్ నుంచి వచ్చింది.

ఇక్కడ మీలో ఎవరికైనా ఒక అనుమానం రావాలి. రాలేదా? హార్మోను తక్కువైతే గింజ కూడా మొలవకూడదు కదా! కంకి కూడా పాడవ్వాలి కదా! అలా ఎందుకు అవ్వలేదు? ఎందుకంటే ఆ ఎంజైము చేసే జన్యువులు వరిలో ఒకటికి మించి ఉన్నాయి. ఊడిపోయింది ముఖ్యంగా కాండానికి పనికొచ్చేది. పువ్వులో, గింజలో మిగతావి పని నడిపిస్తాయి. అందుకే కాండం పొట్టి, గింజ మామూలే. ఆ ఒక్క జన్యువే పోవడం మన అదృష్టం. తయారీ మొత్తం ఆగిపోయి ఉంటే ఆ మొక్క పంటకు పనికొచ్చేది కాదు.

గోధుమ పొట్టితనం వేరే దారిలో వచ్చింది. అక్కడ హార్మోను బాగానే ఉంది, గేటే మొండిది. హార్మోను వచ్చినా ముక్కలవదు. తేడా ఎలా పట్టుకోవాలి? చాలా తేలిక. రెండింటి మీదా జిబ్బరెల్లిక్ ఆమ్లం చల్లండి, అదీ ఒక రకం జిబ్బరెల్లినే. పొట్టి వరి పొడుగు సాగుతుంది, ఎందుకంటే దానికి లేనిదే మీరు ఇచ్చారు. పొట్టి గోధుమ పెద్దగా స్పందించదు. టీచర్లు ఈ ప్రయోగం స్కూల్లో చెయ్యొచ్చు. ఒక చిన్న జాగ్రత్త: ఆ పొడి నీళ్ళలో సరిగా కరగదు. ముందు కొంచెం స్పిరిట్‌లో కరిగించి, తర్వాత నీళ్ళు కలపాలి. నీళ్ళు మాత్రమే పోసిన మొక్కలతో పోల్చకుండా, అంతే స్పిరిట్ కలిపిన నీళ్ళు పోసిన మొక్కలతో పోల్చాలి. లేకపోతే తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేరు.

ఇప్పుడు గింజలోకి వెళదాం. బార్లీ గింజ ఎందుకు? వరిలోనూ ఇదే కథ, కానీ బార్లీలో చూడటం తేలిక. గింజను అడ్డంగా కోస్తే ఒక ముక్కలో బుల్లి మొక్క ఉంటుంది, పిండం అంటాం. రెండో ముక్కలో పిండం ఉండదు. పిండి భాగం, దాని చుట్టూ ఆల్యురోన్ అనే పొర ఉంటాయి. మనకు పరిచయం లేని పొర కాదు. బియ్యం పాలిష్ పట్టినప్పుడు తవుడులో పోయే పొర అదే. వరిలో అది చాలావరకు ఒక్క వరుస కణాలు, బార్లీలో మూడు వరుసలు.

పిండి భాగంలోని కణాలు చచ్చిపోయి ఉంటాయి. పిండి నిల్వ ఉంది, వండేవాళ్ళు లేరు. బతికున్నవి రెండే: పిండం, ఆల్యురోన్ పొర. గింజ నీళ్ళు పీల్చుకోగానే పిండం జిబ్బరెల్లిన్ చేసి వదులుతుంది. అది ఆల్యురోన్ పొరకు చేరుతుంది. అక్కడ కూడా గేటు దించి ఉంది, అదే డెల్లా ప్రోటీన్. జిడ్1 పట్టుకుంటుంది, గేటు పోతుంది. అప్పుడు గామిబ్ అనే ప్రోటీన్ తయారయ్యి, ఆల్ఫా ఆమైలేజ్ జన్యువును నిద్రలేపుతుంది. ఆమైలేజ్ పిండిని ముక్కలు చేస్తుంది, చక్కెర అవుతుంది, పిండం తింటుంది. వరి నారులో కణం సాగింది, ఇక్కడ ఎంజైము పుట్టింది. గేటు మాత్రం ఒకటే. గేటు వెనక ఏ కాలవ ఉందో దాన్నిబట్టి నీళ్ళు పారతాయి.

పిండం నుంచి వచ్చే కబురు జిబ్బరెల్లినే అని 1960లో రెండు చోట్ల విడివిడిగా తేల్చారు, ఆస్ట్రేలియాలో పేలెగ్, జపాన్‌లో యోమో. పిండం లేని అర గింజకు జిబ్బరెల్లిన్ ఇస్తే, పిండం ఉన్నట్టే పిండి కరిగింది.

కానీ ఒక ప్రశ్న మిగిలింది. ఆమైలేజ్ ముందే తయారై దాక్కుని ఉందా, హార్మోను వచ్చాక కొత్తగా పుడుతోందా? ఇది నాకు చాలా ఇష్టమైన ప్రయోగం, కాస్త నెమ్మదిగా చెబుతాను. 1967లో ఫిల్నర్, వార్నర్ అర గింజల్ని బరువైన ఆక్సిజన్ ఉన్న నీళ్ళలో పెట్టారు. ఆల్యురోన్ కణాల్లో నిల్వ ప్రోటీన్ ఉంటుంది. అది విరిగినప్పుడు ప్రతి తెగిన చోటా ఒక నీటి అణువు చేరుతుంది. అంటే విడిపోయిన అమైనో ఆమ్లాల్లోకి ఆ బరువైన ఆక్సిజన్ వస్తుంది. ఆ అమైనో ఆమ్లాలతో కొత్త ఎంజైము కడితే, ఆ ఎంజైము మామూలుదానికంటే ఒక పిసరు బరువు ఉండాలి. పాతదే బయటికి వస్తే మామూలు బరువే ఉండాలి. తూచి చూశారు. దాదాపు మొత్తం బరువైనదే! కొత్తగా పుట్టింది. అందుకే హార్మోను ఇచ్చాక ఆమైలేజ్ కనిపించడానికి సుమారు 8 గంటలు పడుతుంది. తాళం తీసి బయటికి పంపడమే అయితే అంతసేపు అక్కర్లేదు.

సరే, పళ్ళేల దగ్గరికి వద్దాం. ఇవి నేను శుక్రవారం సాయంత్రం పెట్టినవి. చైనా గ్రాస్ కాచి, అందులో కొంచెం గంజిపిండి కలిపి పోశాను. మొదటి పళ్ళెంలో పిండం ఉన్న అర గింజలు. రెండోదాంట్లో పిండం లేని అర గింజలు, జిబ్బరెల్లిన్ లేదు. మూడోదాంట్లో పిండం లేనివే, జిబ్బరెల్లిన్ ఉంది. ఎంత? లీటరుకు ఒక మిల్లీగ్రాములో మూడో వంతు. అంటే ఒక గ్రాము పొడి మూడు వేల లీటర్లకు వస్తుంది. అంత తక్కువ చాలు.

ఈ ప్రయోగం నేను మొదటిసారి చేసినప్పుడు మూడు పళ్ళేల్లోనూ ఏమీ జరగలేదు. హార్మోను పొడి పాతదేమో అనుకున్నాను. కొత్తది తెప్పించాను, మళ్ళీ అంతే. తర్వాత గింజను లెన్సు కింద పెట్టి చూస్తే తెలిసింది. కిరాణా కొట్టులో బార్లీ నీళ్ళ కోసం అమ్మే గింజ పాలిష్ పట్టింది. తెల్లగా, గుండ్రంగా ఉంటుంది కదా. పొట్టుతోపాటు ఆల్యురోన్ పొర కూడా పోయింది, చాలా గింజలకు పిండమూ పోయింది. కబురు అందుకునేవాళ్ళే లేరు, ఎంత హార్మోను పోస్తే ఏం లాభం? కాబట్టి పొట్టుతో ఉన్న, నాటితే మొలిచే విత్తన బార్లీ తెచ్చుకోండి. ముందు పది గింజలు మొలకెత్తించి చూసుకోండి.

ఇంకా రెండు చోట్ల తప్పు జరుగుతుంది. ఒకటి, బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ వాడితే అందులో కాల్షియం ఉండదు. కాల్షియం లేకపోతే ఆల్ఫా ఆమైలేజ్ నిలవదు. కొంచెం కాల్షియం క్లోరైడ్ కలపాలి. రెండోది బూజు. బూజుకు, బాక్టీరియాకు సొంత ఆమైలేజ్ ఉంటుంది. గింజల్ని బ్లీచింగ్ నీళ్ళలో శుద్ధి చేసి బాగా కడక్కపోతే, అవి పిండిని తినేసి హార్మోను పనిచేసినట్టే కనిపిస్తుంది. ఎలా గుర్తుపట్టాలి? రెండో పళ్ళెం చూడాలి. హార్మోను లేని పళ్ళెంలో కూడా పిండి కరిగితే ఆ రోజు ప్రయోగం మొత్తం పక్కన పెట్టెయ్యాలి. మేలో ఇక్కడ చెయ్యకండి. మన ఎండకు బార్లీ సరిగా స్పందించదు, బూజు మాత్రం బాగా వస్తుంది.

రాగుల్ని మొలకెత్తించి ఆరబెట్టి పిండి పట్టించే అమ్మలకు ఇదంతా చేతిలోనే ఉంది. మొలకల పిండితో జావ కాస్తే పలచగా జారుతుంది, మామూలు రాగి పిండితో అంతే కొలతకు గట్టిపడుతుంది. మొలకలో పుట్టిన ఆమైలేజ్ గంజిని కోసేస్తుంది కాబట్టి. మొలకల్ని మరీ మాడేలా వేయిస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది.

ఇప్పుడు పడిపోయిన చేను. కంకిలో గింజను మొలవకుండా ఆపేది అబ్సిసిక్ ఆమ్లం అనే ఇంకో హార్మోను. అది జిబ్బరెల్లిన్ పనికి అడ్డుపడుతుంది. గింజ ముదిరేకొద్దీ దాని పట్టు తగ్గుతుంది. నిద్రావస్థ ఉన్న రకాల్లో ఇంకొన్ని వారాలు ఆగుతుంది, లేని రకాల్లో తడి తగలగానే పిండం కబురు పంపేస్తుంది. అలా మొలిచిన ధాన్యాన్ని ఆరబెట్టినా పిండి అప్పటికే తెగిపోయి ఉంటుంది, మర పట్టిస్తే నూక ఎక్కువవుతుంది. వ్యవసాయ శాఖవాళ్ళు తడిసిన కంకుల మీద లీటరుకు 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లమంటారు కదా. ఉప్పు హార్మోనును ఏమీ చెయ్యదు. గింజ నీళ్ళు పీల్చుకోకుండా అడ్డుపడుతుంది. కాబట్టి అది మొలక మొన బయటికి రాకముందు చల్లితేనే పనికొస్తుంది. ఎనిమిది గంటల లెక్క గుర్తుంది కదా. ఆమైలేజ్ పుట్టాక చల్లితే కరిగిన పిండి వెనక్కి రాదు.

ఒక అన్నయ్య చెయ్యెత్తారు. అడగండి. దాళ్వాకి చలికి నారు ఎదగడం లేదు, జిబ్బరెల్లిక్ ఆమ్లం కొట్టొచ్చా అని. వద్దండీ. పొడుగు వస్తుంది, నిజమే. వచ్చేది ఆకు తొడుగు సాగిన పొడుగు. సన్నబడి, పాలిపోయి, పీకి నాటేటప్పుడు మెలిదిరిగే నారు వస్తుంది. మీ చేత్తో బకానే లక్షణాలు తెచ్చుకున్నట్టే. హైబ్రిడ్ విత్తనోత్పత్తిలో కొడతారు, అది వేరు. అక్కడ ఆడ మొక్క కంకి పూర్తిగా బయటికి రాక పొట్టలోనే కొంత ఇరుక్కుంటుంది, పై కణుపు మీది కాండం సాగి కంకిని బయటికి నెట్టాలి. అది ఆ కొద్ది రోజుల కోసమే, ఆ దశలోనే.

ఇక రండి, బల్ల చుట్టూ నిలబడండి. పిల్లల్ని ముందుకు రానివ్వండి. గింజల్ని పక్కకు తీసేసి, మూడింటి మీదా పలచటి అయోడిన్ పోస్తున్నాను. పిండి ఉన్నచోట నల్లబడుతుంది. రెండో పళ్ళెం చూడండి, అంచు నుంచి అంచు దాకా నలుపే. మొదటి పళ్ళెంలో గింజ ఉన్నచోటల్లా తెల్లటి వలయం. ఇప్పుడు మూడోది చూడండి. ఇక్కడ పిండం లేదు, ఏ గింజా మొలవలేదు. అయినా ఒక్కో అర గింజ ఉన్నచోటా వలయం ఉంది, చూశారా? స్కేలు ఇదుగో, తీసుకుని మీరే కొలవండి.